సెషన్ గంట దాటుతోంది, అతను రాకపోతే హాయిగా ఉంటోంది: కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్‌ను సూపర్‌విజన్‌లో ఎలా విప్పాలి

ప్రశ్న: సైకాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఒక క్లయింట్ దగ్గర మాత్రం నాకు తెలియకుండానే సెషన్ గంట దాటిపోతోంది. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టినా జవాబిస్తున్నాను. ఈమధ్య అతను రాలేనంటే లోపల హాయిగా అనిపిస్తోంది. ఇది కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్సేనా? సూపర్‌విజన్‌లో, అంటే నా కేసులు చర్చించే సీనియర్ దగ్గర, ఎలా చెప్పాలి? చెబితే ఈ పనికి తగననుకుంటారేమోనని భయం.

జవాబు:

అవును. క్లయింట్ పట్ల థెరపిస్టులో పుట్టే భావాలనే కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. మీరు చెప్పిన మూడూ దాని గుర్తులే. ముందు పట్టించుకోవాల్సింది మూడోది. సెషన్ పొడిగించడం, రాత్రి జవాబులివ్వడం పైకి కనబడతాయి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. అతను రాకపోతే కలిగే ఊరట మాత్రం ఎవరికీ కనబడదు. ఆత్మహత్య ఆలోచనలున్న పేషెంట్ల విషయంలో థెరపిస్టుకు కలిగే ద్వేషం గురించి మాల్ట్స్‌బర్గర్, బ్యూయి అనే ఇద్దరు సైకియాట్రిస్టులు 1974లో రాశారు. ఆ ద్వేషంలో కోపం ఒక పాయ, వదిలించుకోవాలన్న కోరిక ఇంకో పాయ అని వాళ్లు విడదీశారు. రెండోదే ఎక్కువ ప్రమాదమన్నారు. కోపం వస్తే మనకే తెలుస్తుంది. వదిలించుకోవాలన్న కోరిక మరుపు రూపంలో, అపాయింట్‌మెంట్ వాయిదా రూపంలో, "ఇప్పుడు బాగానే ఉన్నాడులే" అన్న నమ్మకం రూపంలో వస్తుంది. అందుకని కిందివన్నీ చదివేముందే ఒక పని చేయండి. ఈ క్లయింట్‌ను ఆత్మహత్య ఆలోచనల గురించి చివరిసారి సూటిగా ఎప్పుడు అడిగారో నోట్స్‌లో వెతకండి. ఆ హాయి మొదలైన తర్వాత ఒక్కసారి కూడా అడగకపోయి ఉంటే వచ్చే సెషన్‌లో మొదటి పని అదే. మీ భావాల సంగతి ఆ తర్వాత.

ఫ్రాయిడ్ 1910లో ఈ మాట వాడినప్పుడు దాన్ని అడ్డంకిగానే చూశాడు: డాక్టరు తనలో గుర్తించి, దాటవలసినది. 1950లో సైకోఅనలిస్టు పౌలా హైమన్ దాన్ని తిరగేసింది. థెరపిస్టులో పుట్టే భావం పేషెంట్ మనసును తెలుసుకునే సాధనం కూడా కాగలదని వాదించింది. ఇవాళ పని చేసేవాళ్లకు రెండూ అవసరమే. ఒకే భావంలో మీ సొంత బతుకు నుంచి వచ్చినదీ, అతను మీలో కదిలించినదీ కలిసిపోయి ఉంటాయి. వాటిని వేరు చేయడం ఒక్కరి వల్ల కాదు. ఎందుకంటే ఆ భావం మనకు భావంలా అనిపించదు, పరిస్థితిలా అనిపిస్తుంది. "నేనతన్ని కాపాడాలనుకుంటున్నాను" అని తోచదు, "పాపం, అతనికి ఎవరూ లేరు" అని తోస్తుంది. సూపర్‌విజన్ అవసరం అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిస్తాను. ఇది పూర్తిగా కల్పితం. ఇలాంటి కేసుల్లో తరచూ కనబడే అంశాలతో కట్టినది.

ఇరవై నాలుగేళ్ల యువకుడు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదిలో ఉండి గ్రూప్-2కు చదువుతున్నాడు. రెండుసార్లు తప్పాడు. నిద్ర పట్టదు, పుస్తకం తెరిస్తే గుండె దడ. ఊళ్లో తండ్రి మాట్లాడడు. అక్క డిగ్రీ మధ్యలో మానేసి, బట్టల షాపులో పనిచేస్తూ నెలనెలా డబ్బు పంపుతుంది. కౌన్సెలర్‌ను మొదటి రెండు సెషన్లూ "మేడమ్" అన్నాడు. మూడో సెషన్ చివర "అక్కా, ఒక్క ఐదు నిమిషాలు" అన్నాడు. ఆమె ఇచ్చింది. తర్వాతి సెషన్‌కల్లా ఆమె కూడా "మీరు" నుంచి "నువ్వు"లోకి వచ్చేసింది. ఆరో సెషన్‌కల్లా ఫీజు సగమైంది. అతని టైమ్‌టేబుల్ ఆమే రాసిచ్చింది. రాత్రి మెసేజ్‌లు మొదలయ్యాయి. ఎనిమిదో సెషన్ నుంచి ఆమె ఏం సూచించినా ఒకటే జవాబు: "అదీ చేసి చూశానక్కా, కుదర్లేదు." పదో సెషన్‌లో ఆమెకు ఆవలింతలొచ్చాయి. పదకొండోదానికి అతను రాలేదు. ఆమెకు హాయిగా అనిపించింది.

మనవైపు అక్కా, అన్నా అనడం మామూలు మర్యాదే. బస్సులో పక్క సీటావిడను కూడా అంటాం. ఆ పిలుపు ఒక్కదాన్నీ పట్టుకుని కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్ అనడం పొరపాటు. చూడాల్సింది పిలుపు తర్వాత ఆమె చేతల్లో ఏం మారిందన్నది. ఇక్కడ సమయం, ఫీజు, సంబోధన, పని పరిధి నాలుగూ మూడు వారాల్లోనే ఒకే దిక్కుకు జరిగాయి. ఏ ఒక్కటీ ఆలోచించి, కారణం నోట్స్‌లో రాసి తీసుకున్న నిర్ణయం కాదు. ఫీజు తగ్గించడం తప్పేమీ కాదు. ఎందుకు తగ్గించామో మనకే తెలియకపోవడం మాత్రం సూపర్‌విజన్‌కు తేవలసిన విషయం.

సూపర్‌విజన్‌కు ఏం తీసుకెళ్లాలన్నది చాలామందికి తెలియదు. కేసు సారాంశం తీసుకెళ్తారు. సారాంశంలో కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్ దొరకదు. రాసేటప్పుడే మనం దాన్ని చదును చేసేస్తాం. కావాల్సినవి ప్రాసెస్ నోట్స్. సెషన్ మొత్తం అక్కర్లేదు, ఒక పది నిమిషాల భాగం చాలు. అదీ ఏ పది నిమిషాలు? బాగా జరిగాయనిపించినవి వద్దు. మీకు నిద్రొచ్చినవి, గడియారం చూసుకున్నవి, మాటకు మాట సూచనలిచ్చినవి ఎంచుకోండి. కాగితం మీద మూడు నిలువు గళ్లు గీయండి. మొదటి గడిలో అతనన్నది, గుర్తున్నంతవరకు అతని మాటల్లోనే. రెండో గడిలో మీరన్నది, దిద్దకుండా. మూడో గడిలో ఆ క్షణాన మీ ఒంట్లో, మనసులో ఏం జరిగిందో: మెడ బిగుసుకుంది, మా తమ్ముడు గుర్తొచ్చాడు, ఇక చాలనిపించింది. అదే రోజు, వీలైతే వచ్చే క్లయింట్ లోపలికి రాకముందే రాయండి. మర్నాటికి మూడో గడి ఖాళీ అయిపోతుంది, లేదా మర్యాదగా మారిపోతుంది.

ఈ కాగితంలో పేరు, ఊరు, కోచింగ్ సెంటర్ పేరు ఏవీ ఉండకూడదు. క్లయింట్ ఫైల్లోనూ పెట్టకూడదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 25వ సెక్షన్ పేషెంటుకు తన ప్రాథమిక వైద్య రికార్డులు చూసే హక్కునిస్తుంది. ఫైల్లో అతని పరిస్థితి, మీరు చేసిన పని, రిస్క్ అంచనా ఉండాలి. మీ ఆవలింతలకు అక్కడ చోటు లేదు. అలాగని వేరుగా ఉంచిన కాగితాన్ని ఎవరూ ఎన్నటికీ అడగలేరని అనుకోకండి. సూపర్‌విజన్ అయ్యాక దాన్ని ఎప్పుడు చింపేయాలో ముందే మాట్లాడుకోండి. సూపర్‌విజన్‌లో తన కేసు చర్చకు వస్తుందని క్లయింటుకు మొదటి సెషన్‌లోనే చెప్పి ఉండాలి. ఆడియో రికార్డు చేస్తే దానికి వేరే రాతపూర్వక సమ్మతి కావాలి, ఎప్పుడు తుడిచేస్తారో తేదీతో సహా.

మన ఉదాహరణలోని కౌన్సెలర్ ఆ కాగితంతో సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది. మొదటి ఇరవై నిమిషాలు ఇలా జరిగింది. "ఆక్టివిటీ షెడ్యూలింగ్ చేసి చూశారా?" "చేశాను మేడమ్, అతను పాటించలేదు." "నిద్ర గురించి చూశారా?" "అదీ చెప్పాను మేడమ్." "కుటుంబంతో ఒక సెషన్?" "అడిగాను, ఒప్పుకోలేదు." సూపర్‌వైజర్‌కు ఒళ్లు బరువెక్కింది. తను ఎంత చెప్పినా ఈమె అందుకోవడం లేదన్న చిరాకు పుట్టింది.

ఆ చిరాకును ఆవిడ పక్కకు నెట్టలేదు. ఆగి అంది: "ఒక్క నిమిషం. నేను చెబుతున్నాను, మీరు చేసి చూశామంటున్నారు. నాకు అలసటగా ఉంది. మీ కాగితంలో మూడో గడి ఒకసారి చదవండి." అందులోనూ అదే అలసట ఉంది. క్లయింటుకూ కౌన్సెలర్‌కూ మధ్య నడిచింది, కౌన్సెలర్‌కూ సూపర్‌వైజర్‌కూ మధ్య మళ్లీ నడిచింది. దీన్ని మొదట వివరించింది 1955లో సైకియాట్రిస్టు హెరాల్డ్ సెర్ల్స్. 1958లో ఎక్‌స్టైన్, వాలర్‌స్టైన్ పుస్తకంతో ప్యారలల్ ప్రాసెస్ అన్న పేరు స్థిరపడింది. కౌన్సెలర్ మాటల్లో చెప్పలేనిదాన్ని తనే క్లయింటులా ప్రవర్తించి చూపిస్తుంది. ఆ క్షణంలో సూపర్‌వైజర్ ఇంకో మంచి సలహా ఇచ్చి ఉంటే అక్కడితో అంతా పోయేది. సూపర్‌విజన్లు చప్పబడటానికి నాకు తెలిసి ముఖ్య కారణం ఇదే: సూపర్‌వైజర్లు సలహాలివ్వడం ఆపలేరు. అయితే ప్రతి విసుగునూ ప్యారలల్ ప్రాసెస్ అనేయకూడదు. కౌన్సెలర్ కేసుకు సిద్ధపడకుండా వచ్చినా, సూపర్‌వైజర్ పొద్దున్నుంచి భోజనం చేయకపోయినా విసుగొస్తుంది. ఇద్దరి మధ్యా నడిచిన తీరు, మాటలతో సహా, ప్రాసెస్ నోట్స్‌లోని తీరుతో పోలినప్పుడే ఆ పేరు వాడాలి.

తర్వాతి పని విడదీయడం. ఇక్కడ సైకోఅనలిస్టు హైన్రిక్ రాకర్ చేసిన విభజన బాగా ఉపయోగపడుతుంది. థెరపిస్టు కొన్నిసార్లు క్లయింట్ లోపలున్నదే తానూ అనుభవిస్తాడు. కొన్నిసార్లు క్లయింట్ జీవితంలోని అవతలి మనిషి స్థానంలోకి జరిగి, ఆ మనిషి పడేది అనుభవిస్తాడు. మన కౌన్సెలర్‌లో "ఏం చేసినా లాభం లేదు" అన్న నిస్సహాయత మొదటి రకం. అది ఆ కుర్రాడిదే. "ఇంత చేస్తున్నా అందుకోడేం" అన్న విసుగు రెండో రకం. అది ఎవరిది కావచ్చు? సూపర్‌వైజర్ అడిగింది: "ఇతని కోసం ఇంకెవరు తమది వదులుకుని ఇస్తున్నారు? వాళ్లకూ ఇలాగే ఉంటుందేమో?" కౌన్సెలర్ చాలాసేపటికి అంది: "అక్క." అప్పటిదాకా ఆ అక్క నోట్స్‌లో "సహాయకారి" అన్న ఒక్క మాటగానే ఉంది.

ఇంకో సగం కౌన్సెలర్‌ది. ఆమె ఇంట్లో పెద్ద కూతురు, తమ్ముడి చదువు భారం మోసింది. సూపర్‌వైజర్ మూడు విషయాలు అడిగింది. ఆదుకోవాలన్న ఈ తొందర మిగతా క్లయింట్ల దగ్గరా వస్తుందా, ఇతని దగ్గరేనా? సెషన్లో ఏ మాట దగ్గర మొదలవుతుంది? మీ స్థానంలో, తమ్ముళ్లు లేని వేరే కౌన్సెలర్ ఉంటే ఇదే అనిపించేదా? కుర్రాళ్లందరి దగ్గరా వస్తే ఎక్కువ భాగం ఆమెదే. ఇతని దగ్గరే, అదీ "కుదర్లేదక్కా" అన్న మాట దగ్గరే వస్తే ఎక్కువ భాగం ఆ సంబంధానిది. ఇక్కడ రెండూ ఉన్నాయి: ఆదుకోవాలన్న తొందర ఆమె వెంట తెచ్చుకున్నది, విసుగు అతని దగ్గర పుట్టింది. తమ్ముడి కథ దగ్గర సూపర్‌వైజర్ ఆగిపోయింది. "ఇది ఈ కేసులోకి ఎలా వస్తోందో అంతవరకే ఇక్కడ చూద్దాం. మిగతాది మీ సొంత థెరపీలో మాట్లాడుకోండి" అంది. సూపర్‌వైజర్ థెరపిస్టుగా మారితే, మార్కులు వేసే మనిషి ముందే రహస్యాలు విప్పాల్సి వస్తుంది. క్లయింట్ కూడా ఆ గదిలోంచి మాయమవుతాడు.

విడదీసేటప్పుడు మన దగ్గర తరచూ దాటేసే సంగతి ఒకటుంది. యాస, కులం, రిజర్వేషన్, ఇంగ్లిషు రాకపోవడం, తెలంగాణ-ఆంధ్ర తేడా వంటి వాటి మీద కౌన్సెలర్‌లో ఉన్న అభిప్రాయాలు కూడా భావాలుగానే పైకి వస్తాయి. జాలిగా వస్తాయి, విసుగుగా వస్తాయి, "వీళ్లకు పట్టుదల తక్కువ" అన్న ఆలోచనగా వస్తాయి. అవి క్లయింట్ మనసులోంచి వచ్చిన సంకేతాలు కావు. వాటిని అతని అంతరంగంగా వ్యాఖ్యానిస్తే అన్యాయం చేసినట్టే. సూపర్‌వైజర్ అడగకపోయినా మీరే అడగండి: ఇతను మా కులంవాడో, మా ఊరివాడో అయి ఉంటే ఈ సెషన్ ఇలాగే జరిగేదా?

భావం తెలిసింది. దాన్ని సెషన్లోకి ఎలా తీసుకెళ్లాలి? పచ్చిగా తీసుకెళ్లకూడదు. "నీ మీద నాకు విసుగొస్తోంది" అంటే అతను తండ్రి మౌనానికీ అక్క త్యాగానికీ పక్కన మూడో బరువు మోయాలి. "నీ కోపాన్ని నాలో పెడుతున్నావు" అనడం మరీ చెడ్డది. అది సిద్ధాంతం ముసుగులో నింద. మీ భావం ఒక ఊహకు దారి చూపుతుంది, రుజువు మాత్రం కాదు. ఆ ఊహను ఇద్దరికీ కనబడుతున్న సంగతితో మొదలుపెట్టి, చిన్న ప్రశ్నగా అడగాలి. మన కౌన్సెలర్ సూపర్‌విజన్‌లో రెండు మూడు రకాలుగా చెప్పి చూసుకుని, చివరికి ఇలా అంది: "ఒకటి గమనించాను. ఇక్కడ నేనేదో చెబుతాను, మీరు చేసి చూశానంటారు, నేను ఇంకోటి చెబుతాను. గంట గడిచేసరికి ఇద్దరం అలిసిపోతున్నాం అనిపిస్తోంది. మీకెలా ఉంటుంది? ఇలా ఇంకెక్కడైనా జరుగుతుందా?"

జవాబును ఎలా చదవాలో తెలియాలి. "అవునక్కా, మీరన్నది నిజం" అని వెంటనే ఒప్పుకుని మళ్లీ సిలబస్ గురించి మాట్లాడితే ఊహ సరైనదని అర్థం కాదు. అతను మిమ్మల్ని మెప్పిస్తున్నాడు. ఇంతవరకు రాని సంగతి వస్తే, గొంతు మారితే, "అలా కాదు" అని వేరే దారి చూపిస్తే అప్పుడు ఏదో కదిలింది. ఇక్కడ అతను కాసేపు ఆగి అన్నాడు: "మా అక్క ఫోన్ చేసినప్పుడల్లా 'నీకోసమే కదరా' అంటది. ఆ మాట వింటే ఫోన్ విసిరేయబుద్ధయితది. తర్వాత నామీద నాకే అసహ్యమేస్తది." అప్పు తీర్చలేని చోట కోపం కూడా పడకూడదు కాబట్టి, ఇచ్చిన ప్రతిదాన్నీ నిష్ఫలం చేయడం అతనికి దక్కిన ఒకే ఒక్క "వద్దు". టైమ్‌టేబుల్ రాసిచ్చిన కౌన్సెలర్ ఇంకో అక్కగా మారి ఆ బరువునే పెంచింది. అసహ్యం అన్న మాట వచ్చింది కనుక ఆమె అక్కడే ఆత్మహత్య ఆలోచనల గురించీ సూటిగా అడిగింది. ఆ పని వ్యాఖ్యానం కంటే ముందు.

జరిగిపోయిన హద్దుల్ని వెనక్కి తేవడంలో చాలామంది రెండో తప్పు చేస్తారు. సూపర్‌విజన్ నుంచి వస్తూనే మెసేజ్‌లు ఆపేస్తారు, టంచనుగా సెషన్ ముగిస్తారు, ఫీజు మామూలుకు తెస్తారు, అన్నీ ఒకే వారంలో. క్లయింటుకు అది శిక్షలా ఉంటుంది. నిజానికి అందులో మన విసుగు కొంత ఉంటుంది కూడా. ముందు చెప్పాలి, కారణం మనమీద వేసుకోవాలి, తేదీ పెట్టాలి: "కొన్ని వారాలుగా సమయం దాటిపోతోంది. అలా పొడిగించింది నేను, ఇందులో మీ తప్పు లేదు. వచ్చే వారం నుంచి యాభై నిమిషాలకు ముగిద్దాం. ముగియడానికి పది నిమిషాల ముందు నేను గుర్తుచేస్తాను. మెసేజ్‌లు అపాయింట్‌మెంట్ మార్పులకే ఉంచుదాం. రాత్రిపూట తట్టుకోలేనట్టుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి, అది ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది." ఫీజును అలాగే ఉంచి, రెండు నెలల తర్వాత మాట్లాడుకోవచ్చు. "అక్కా" అనొద్దని చెప్పాల్సిన పనీ లేదు. ఆ పిలుపుతో ఆమె ఏం చేస్తోందన్నదే మారాలి. మొదటి రెండు వారాలు అతను ఆలస్యంగా రావచ్చు, మానేయవచ్చు. అది దారి తప్పిందనడానికి గుర్తు కాకపోవచ్చు. ఆమె దగ్గర కోపం చూపినా ఏమీ కూలిపోదని అతను పరీక్షిస్తూ ఉండవచ్చు.

ఇక మీ భయం గురించి. మీరు అడిగిందాంట్లో నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే, ఎందుకంటే ఆ భయంతోనే ఈ సంగతులు సూపర్‌విజన్ గడప దాటవు. అది ఉత్తి భయమూ కాదు. మీ సూపర్‌వైజరే మీ పైఅధికారి అయి, ఉద్యోగం కొనసాగింపు ఆయన చేతిలో ఉంటే జాగ్రత్త సహజమే. కేసు చెప్పేముందు పద్ధతి అడగండి: "ఇక్కడ చెప్పే నా భావాలు మూల్యాంకనంలోకి వస్తాయా? ఏవి వస్తాయి?" న్యాయమైన జవాబు ఇలా ఉంటుంది: భావాలు రావు, చేతలు వస్తాయి, క్లయింటుకు ప్రమాదం ఉన్న చేతలు తప్పక వస్తాయి. తర్వాత ఆఖరి ఐదు నిమిషాల్లో కాకుండా మొదట్లోనే, చేతలతో మొదలుపెట్టండి: "ఈ క్లయింట్‌తో నాలుగుసార్లు సమయం దాటాను, రాత్రి మెసేజ్‌లకు జవాబిచ్చాను, అతను రాకపోతే ఊరటగా ఉంది. మిగతావాళ్ల దగ్గర ఇలా చేయను. ఎందుకో చూడాలి." ఇలా చెప్పగలిగిన కౌన్సెలర్‌ను అనర్హురాలిగా చూసే సూపర్‌వైజర్ ఉంటే ఇంకో సూపర్‌వైజర్‌ను వెతుక్కోవాలి, డబ్బు పెట్టి బయట అయినా సరే. క్లయింట్ మీద ఆకర్షణ కలిగినా ఇదే దారి. అనిపించడం నేరం కాదు, అమలు చేయడానికి ఏ పరిస్థితిలోనూ అనుమతి లేదు. ఏ కేసును సూపర్‌విజన్‌కు తేవడం వాయిదా వేస్తున్నారో అదే ముందు తేవాలి.

కొన్నిసార్లు ఇవన్నీ చేసినా మారదు. మూడు నాలుగు సూపర్‌విజన్ల తర్వాత కూడా భావం పేరు తెలిసీ చేతలు అలాగే సాగుతుంటే, లేదా అతని మాటలకంటే మీ తమ్ముడి మాటలే మీకు వినబడుతుంటే, కేసును ఇంకొకరికి అప్పగించడం గురించి మాట్లాడాలి. ఆ ఊరట ఇంకా ఉన్నప్పుడు ఆ నిర్ణయం ఒక్కరే తీసుకోకండి. అప్పగించడమే వదిలించుకోవడం అయ్యే ప్రమాదం ఉంది. సూపర్‌వైజర్‌తో కలిసి తీసుకోండి. మెసేజ్‌లో చెప్పొద్దు. కనీసం రెండు మూడు సెషన్లు ముగింపుకు కేటాయించండి, కొత్త కౌన్సెలర్ పేరు, తేదీ ఖాయం చేయండి, రిస్క్ వివరాలు అతని సమ్మతితో వాళ్లకు చేర్చండి. అతను అక్కడ మొదటి సెషన్‌కు వెళ్లాడని తెలిసేదాకా ఫైల్ మూయకండి.